గింజ పగిలే చోటు

వేయించిన కాఫీ గింజను వేడినీళ్లలో వేసి గంటసేపు నానబెట్టినా చెప్పుకోదగ్గ డికాక్షన్ రాదు. రుచినిచ్చే సరుకంతా గింజ లోపలి కణాల్లో ఉంటుంది. నీళ్లు అక్కడికి చేరాలంటే గింజ పగలాలి. ఒక మిల్లీమీటరు ఉన్న రవ్వను 0.1 మిల్లీమీటరుకు తెస్తే, అదే బరువు కాఫీలో నలుసుల సంఖ్య వెయ్యి రెట్లవుతుంది, నీళ్లకు తగిలే ఉపరితలం పది రెట్లవుతుంది. ఫిల్టరులో పోసిన నీళ్లు ఎంత సేపట్లో దిగాలి, దిగినప్పుడు ఎంత చిక్కగా ఉండాలి అన్నది చాలావరకు ఈ లెక్కే నిర్ణయిస్తుంది.

చిక్కేమిటంటే, ఏ మరలో పట్టినా పొడి అంతా ఒకే సైజులో రాదు. వేయించిన గింజ పెళుసు వస్తువు. అది కత్తికి తెగినట్టు తెగదు, పగులుతుంది. పగిలిన ప్రతిసారీ పెద్ద ముక్కలతో పాటు, పగులు వెంబడి చితికిన కణాల గోడల నుంచి ధూళి రాలుతుంది. అందుకే పొడిని కొలిచి గీత గీస్తే సాధారణంగా రెండు గుట్టలు కనిపిస్తాయి. మనం కోరిన సైజు దగ్గర పెద్ద గుట్ట, 100 మైక్రాన్లకు దిగువన ధూళితో చిన్న గుట్ట. (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను.) ధూళి నుంచి నీళ్లు చేదు దాకా లాగేస్తాయి. పెద్ద పలుకుల నుంచి పులుపు దగ్గరే ఆగిపోతాయి. రెండూ ఒకే గ్లాసులో కలిస్తే వచ్చేది, చేదూ పులుపూ కలిసి నాలుకను గందరగోళపెట్టే కాఫీ. పెద్ద గుట్ట ఎంత సన్నగా ఉంది, చిన్న గుట్ట ఎంత చిన్నదిగా ఉంది అన్నవే మంచి మరకు, మామూలు మరకు మధ్య తేడా.

మిక్సీలో ఈ తేడాను అదుపు చేసే ఉపాయమే లేదు. బ్లేడు తగిలిన గింజ పగులుతుంది, తగలనిది గిన్నె అంచున తిరుగుతూ ఉంటుంది. తగిలినదానికే మళ్లీ మళ్లీ తగులుతుంది. ఇంకాసేపు తిప్పితే పలుకులు తగ్గుతాయి కానీ ధూళి పెరుగుతుంది. మరలో అలా కాదు. రెండు పళ్ల చక్రాల మధ్య ఒక సందు ఉంటుంది. నలుసు ఆ సందులో పట్టేంత చిన్నదయ్యేదాకా బయటికి రాలేదు, పట్టేంత చిన్నదయ్యాక లోపల ఉండాల్సిన పనిలేదు. ఆ పళ్ల చక్రాలనే బర్‌లు అంటారు.

ఫ్లాట్ బర్ చూస్తే మన తిరగలి గుర్తుకొస్తుంది. రెండు గుండ్రటి పళ్లేలు ఎదురెదురుగా ఉంటాయి, ఒకటి కదలదు, రెండోది తిరుగుతుంది. గింజలు నడిమి కంత నుంచి పడి అంచు వైపు జరుగుతాయి. మధ్యలో పళ్లు పెద్దవి, అంచుకు పోయేకొద్దీ చిన్నవి. కోనికల్ బర్‌లో ఒక పళ్లేనికి బదులు శంఖంలా మెలితిరిగిన గాళ్లున్న కోను ఉంటుంది, రెండోదానికి బదులు దాని చుట్టూ ఉంగరం లాంటి చక్రం. గింజ పైనుంచి జారి, పెద్ద గాళ్లలో చిక్కి రెండు మూడు ముక్కలై, కిందికి దిగేకొద్దీ సన్నని పళ్ల మధ్య నలిగి రాలిపోతుంది.

రెంటికీ అసలు తేడా గింజను ముందుకు నడిపించే బలంలో ఉంది. కోనులో ఆ పని భూమ్యాకర్షణ, గాళ్ల మెలిక చూసుకుంటాయి. ఎంత నెమ్మదిగా తిప్పినా గింజ కిందికి దిగాల్సిందే. ఫ్లాట్ బర్‌లో గింజ అడ్డంగా కదలాలి కాబట్టి దాన్ని బయటికి విసిరేది తిరిగే వేగమే. మోటారు నిమిషానికి 1400 చుట్లు తిరుగుతుంటే, ఇరుసు నుంచి రెండు సెంటీమీటర్ల దూరంలో ఉన్న నలుసు మీద భూమ్యాకర్షణకు నలభై రెట్లకు పైగా బలం పడుతుంది. అదే పళ్లేన్ని చేత్తో నిమిషానికి 80 చుట్లు తిప్పితే ఆ బలం భూమ్యాకర్షణలో ఏడో వంతు. నలుసులు అక్కడక్కడే దొర్లుతాయి, నలిగినవే మళ్లీ నలుగుతాయి. పైగా పెద్ద పళ్లేనికి సన్నని పళ్లు ఇరుసుకు దూరంగా అంచున ఉంటాయి. 15 సెంటీమీటర్ల పిడితో 38 మి.మీ. కోనును తిప్పే చేతికి దాదాపు ఎనిమిది రెట్ల మీట బలం దొరికితే, 64 మి.మీ. ఫ్లాట్ బర్‌ను తిప్పే చేతికి అయిదు రెట్లు కూడా దొరకదు. చేతి మరల్లో ఫ్లాట్ బర్ ఉన్నవి లేకపోలేదు కానీ అరుదు. దుకాణంలో చేతి మర అడిగితే చేతికిచ్చేది దాదాపు ఎప్పుడూ కోనికల్ బర్‌దే కావడానికి కారణం ఇదే.

కోనుకు ఇంకో సౌకర్యం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కోను గోడ నిలువుకు 30 డిగ్రీలు వాలి ఉందనుకుందాం. మర మీది చక్రాన్ని ఒక్క క్లిక్కు తిప్పితే కోను 30 మైక్రాన్లు కిందికి జారిందనుకుందాం. గోడ ఏటవాలుగా ఉంది కాబట్టి సందు పెరిగేది అందులో సగమే, 15 మైక్రాన్లు. ఫ్లాట్ బర్‌లో పళ్లెం ఎంత జరిగితే సందు అంతా మారుతుంది. అందుకే మామూలు మరచుట్టుతో పనిచేసే చిన్న చేతి మర కూడా ఎస్ప్రెస్సోకు దగ్గరగా పోగలుగుతుంది. అమరికలో తప్పులకు కూడా ఇదే వర్తిస్తుంది. ఫ్లాట్ పళ్లెం ఒక పక్కకు 50 మైక్రాన్లు ఒరిగితే ఒక అంచున సందు అంత ఎక్కువ, ఎదుటి అంచున తక్కువ. సందు మొత్తం 300 మైక్రాన్లున్నప్పుడు అది చిన్న విషయం కాదు. కోనులో వచ్చే జబ్బు వేరు. ఇరుసును పైనా కిందా బేరింగులు గట్టిగా పట్టుకోకపోతే కోను ఊగుతుంది. ఊగినప్పుడు ఒక వైపు సందు పెరిగి పలుకులు జారిపోతాయి. చవక చేతి మరల్లో మెత్తగా పట్టినప్పుడు బాగానే అనిపించి, బరకగా పట్టినప్పుడు ధూళీ పలుకులూ కలిసి రావడం చూస్తాం. బర్‌లు దగ్గరగా ఉన్నప్పుడు ఒకదాన్నొకటి కాస్త ఆపుకుంటాయి. దూరం పెట్టాక కోనుకు ఊగే చోటు దొరుకుతుంది. కొనేముందు కింది డబ్బా విప్పి కోనును వేళ్లతో పక్కలకు కదిపి చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. తర్వాత బాగా బరకగా కొంచెం పట్టి తెల్ల కాగితం మీద పలచగా పరిస్తే మిగతా సగం తెలుస్తుంది.

రుచి గురించి మాత్రం అంత తేల్చి చెప్పడం కష్టం. కోనికల్ బర్ కాఫీకి ఒళ్లు ఎక్కువ, ఫ్లాట్ బర్ కాఫీలో ఒక్కో రుచి విడివిడిగా తెలుస్తుంది అన్నది కాఫీ పనిలో ఉన్నవాళ్లు తరచూ అనే మాట. పునాది లేని మాట కాదు. చాలా కోనికల్ బర్‌లు ధూళిని కాస్త ఎక్కువగా విడుస్తాయి, ఆ ధూళే కాఫీకి చిక్కదనం ఇస్తుంది. 2013లో మెల్‌బోర్న్‌లో జరిగిన ప్రపంచ బరిస్టా పోటీలో మాట్ పెర్గర్ 98 మి.మీ. ఫ్లాట్ బర్‌లున్న ఈకే43 అనే దుకాణపు మరతో ఎస్ప్రెస్సో చేసి రెండో స్థానం తెచ్చుకున్నాక పెద్ద ఫ్లాట్ బర్‌ల మోజు ఇళ్లదాకా పాకింది. కానీ ఆకారం ఒక్కటే రుచిని తేల్చదు. పళ్ల కోత, బర్ సైజు, పదును, అమరిక కూడా అంతే పనిచేస్తాయి. నన్నడిగితే, చక్కగా అమర్చిన కోనికల్ బర్‌కూ ఒరిగిన ఫ్లాట్ బర్‌కూ పోటీ పెడితే కోనునే ఎంచుకుంటాను. అరకు అరబికాను లేతగా వేయించి, పాలు పోయకుండా కాగితం ఫిల్టరులో వడకట్టి తాగేవాళ్లకు ఫ్లాట్ బర్ మీద పెట్టిన డబ్బు గ్లాసులో కనిపించవచ్చు. పాలూ పంచదారా చికోరీ పడే ఇంట్లో ఆ తేడా వాటి అడుగున మునిగిపోతుంది.

ఇక చెయ్యా కరెంటా. ఒకే ధరకు కొంటే చేతి మరలో డబ్బంతా బర్‌కు, బేరింగులకు పోతుంది. కరెంటు మరలో మోటారు, గేర్లు, గూడు, స్విచ్చులు ముందు తమ వాటా తీసుకుంటాయి, మిగిలినదే బర్‌కు. కాబట్టి తక్కువ ధరల్లో చేతి మర పొడే మెరుగ్గా ఉంటుంది. ధర పెరిగేకొద్దీ ఆ ఆధిక్యం తగ్గుతుంది. చేతి మరకు హద్దు భుజం. పొడి నాణ్యత మీద కన్నా ముందు గ్రాముల మీద లెక్క వేసుకోవాలి.

విశాఖలో ఇద్దరే ఉండే ఇల్లు ఒకటి ఊహించుకుందాం. పొద్దున్నే స్టీలు ఫిల్టరులో ఒక విడత డికాక్షన్, అందులో రెండు గ్లాసుల కాఫీ. 80 పాళ్లు కాఫీ, 20 పాళ్లు చికోరీ వాళ్ల అలవాటు. 25 గ్రాముల పొడిలో పట్టాల్సిన గింజలు 20 గ్రాములే. చికోరీని మరలో వెయ్యకూడదు. అది తేమ పీల్చి జిగటవుతుంది, పళ్ల మధ్య కరుచుకుంటుంది. పొడిగానే కొని, కాఫీ పట్టాక కలుపుకోవాలి. నల్లగా వేయించిన 20 గ్రాముల గింజలను మంచి చేతి మరలో ఫిల్టరుకు సరిపడా పట్టడానికి నిమిషం అటూ ఇటూ పడుతుంది. లేతగా వేయించినవి గట్టిగా ఉంటాయి, అదే పనికి ఇంకా ఎక్కువ సేపు, ఇంకా ఎక్కువ బలం కావాలి. చెయ్యి ఆగిపోతుంటే మరను కాస్త పక్కకు వాల్చి తిప్పితే గింజలు ఒక్కొక్కటిగా లోపలికి పోతాయి, బరువు తగ్గుతుంది.

ఎంత మెత్తగా పట్టాలో చెప్పేది ఫిల్టరే. మన ఫిల్టరులో కాగితం లేదు. పై గిన్నె అడుగున చిల్లులు, వాటి మీద పొడి, అంతే. ధూళి ఎక్కువైతే అది నీళ్లతో కిందికి కొట్టుకొచ్చి చిల్లుల దగ్గర పేరుకుంటుంది. పోసిన నీళ్లు అలాగే నిలబడిపోతాయి, పైన వేలుతో తట్టే తిప్పలు మొదలవుతాయి. బరకైతే నీళ్లు రెండు మూడు నిమిషాల్లో జారిపోయి డికాక్షన్ టీ రంగులో ఉంటుంది. చికోరీ నీళ్లలో ఉబ్బి దారి ఇంకా ఇరుకు చేస్తుంది కాబట్టి చికోరీ ఉన్నప్పుడు కాఫీని ఒక పిసరు బరకగానే పట్టాలి. ఎస్ప్రెస్సో కన్నా బరక, కాగితం ఫిల్టరు పొడి కన్నా మెత్తన అన్న చోట మొదలుపెట్టి, పోసిన నీళ్లు పది, పదిహేను నిమిషాల్లో దిగేలా రోజుకు రెండేసి క్లిక్కులు మార్చుకుంటూ పోతే నాలుగైదు పొద్దులకు సరైన అంకె దొరుకుతుంది. రోజూ పొడి బరువూ నీళ్ల కొలతా మాత్రం మారకూడదు. ఆ రెండూ కూడా మారిస్తే తప్పు ఎక్కడుందో తెలియదు.

ఈ ఇంటికి చేతి మర చాలు. పొద్దున్నే చప్పుడుండదు, కరెంటు పోయినా కాఫీ ఆగదు. అదే ఇంట్లో పెద్దవాళ్లూ పిల్లలూ కలిపి ఆరుగురుంటే, పూటకు 60 గ్రాములు పట్టాల్సి వస్తే, లెక్క తిరగబడుతుంది. చేతి మరలో ఒక్కసారికి పట్టేది 20 నుంచి 30 గ్రాములు. రెండు మూడు దఫాలు నింపడం, తిప్పడం, దులపడం మొదటి వారం ముచ్చటగా ఉంటుంది. రెండో వారానికి మర అటకెక్కి, పొడి మళ్లీ కాఫీ పొడి కొట్టు నుంచి వస్తుంది. మణికట్టు, భుజం నొప్పులున్నవాళ్లకు 20 గ్రాములే ఎక్కువ. అలాంటి ఇంటికి 40 మి.మీ. కోనికల్ బర్ ఉన్న కరెంటు మర సరైన చోటు. నిమిషానికి కొన్ని వందల చుట్లే తిరిగేలా గేర్లు ఉంటాయి కాబట్టి గోల కూడా మరీ ఉండదు. పొడి వేడెక్కిపోతుందన్న భయం రోజంతా ఆగకుండా మర తిరిగే హోటలుకు సంబంధించినది. అరనిమిషం తిరిగి ఆగిపోయే ఇంటి మరలో దాన్ని పట్టించుకోనక్కరలేదు.

ఇంటి కరెంటు మరలో చూసుకోవాల్సింది లోపల మిగిలిపోయే పొడి. బర్‌లకూ మూతికీ మధ్య సందు గొందుల్లో గ్రామో రెండు గ్రాములో చిక్కుకుంటుంది. అది రేపటి కాఫీలో మొదటగా రాలుతుంది. నిన్నటి పొడి ఇవాళ్టి గ్లాసులో చేరుతుందన్నమాట. గింజలు తూచి వేసి, తూచి తీసుకుంటే ఎంత మింగుతోందో తేలిపోతుంది. దీనికి కొంత కారణం విద్యుదావేశం. గింజలు ఒకదానితో ఒకటి రాసుకున్నప్పుడు, పగిలినప్పుడు పొడికి ఆవేశం పుట్టి గోడలకు అంటుకుంటుంది. ఆరెగాన్ విశ్వవిద్యాలయంలో క్రిస్టఫర్ హెండన్ బృందం 2023లో ప్రచురించిన పరిశోధనలో గింజలోని తేమే ఇందులో కీలకమని తేలింది. నల్లగా వేయించిన గింజల్లో తేమ తక్కువ కాబట్టి ఆవేశం ఎక్కువ. పట్టేముందు గింజల మీద కాసిన్ని నీటి తుంపరలు చల్లితే ఆవేశం బాగా తగ్గుతుంది. చెంచా వెనక తడి చేసి గింజల్లో ఒకసారి తిప్పినా సరిపోతుంది. విశాఖ ఉక్కపోతలో ఈ అవసరం తక్కువే. డిసెంబరులో హీటర్లు తిరిగే అమెరికా ఇంట్లో మాత్రం ఈ చెంచా లేకపోతే పొడి సగం డబ్బాకు, సగం వేళ్లకు.

అమెరికా మాట వచ్చింది కాబట్టి ప్రయాణం సంగతి. విశాఖ దంపతులు కొడుకు దగ్గరికి డాలస్ వెళ్లి నాలుగు నెలలుంటారనుకుందాం. ఇక్కడి కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జులు. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జులు. ఇంటి మరను మూటగట్టి తీసుకెళ్తే అక్కడి ప్లగ్గుకు మూతి మార్చినంత మాత్రాన పని జరగదు. సగం వోల్టేజీ మీద మోటారు గింజల బరువుకు ఆగిపోయి, ఆగిన చోటే వేడెక్కుతుంది. అక్కడ కొన్న మరను ఇక్కడికి తెచ్చి నేరుగా పెడితే కాలిపోతుంది. నేరుగా ఏసీ మీద తిరిగే మోటార్లకు వోల్టేజీ మార్చే పెట్టె పెట్టినా హెర్ట్జులు మారవు. ఇక్కడ నిమిషానికి 1400 చుట్లు తిరిగే ఇండక్షన్ మోటారు అక్కడ 1700 దాకా పోతుంది. అడాప్టరు మీద 100 నుంచి 240 వోల్టులని రాసి ఉన్న డీసీ మర ఒక్కటే రెండు దేశాల్లోనూ ఒకేలా తిరుగుతుంది. బ్యాటరీ మరలు వచ్చాయి కానీ చార్జరు మోత, బ్యాటరీ ముసలితనం వెంట వస్తాయి. కూడా తెచ్చుకునే విడి లిథియం బ్యాటరీని చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు, చేతి సంచిలోనే ఉంచుకోవాలి.

ప్రయాణానికి చేతి మరే. 38 మి.మీ. స్టీలు కోనికల్ బర్, పిడి ఊడొచ్చేది, అరకిలో బరువుకు అటూ ఇటూ ఉన్నది చూసుకోవాలి. ఏరోప్రెస్ గొట్టంలో ఇమిడిపోయే సన్నని మరలు కూడా ఉన్నాయి. సిరామిక్ బర్ తుప్పు పట్టదు, ధర తక్కువ. కానీ స్టీలంత పదునుగా కొయ్యదు, కింద పడితే పెచ్చు లేస్తుంది. మర నిండా దట్టమైన లోహం కాబట్టి స్కానరులో అనుమానంగా కనిపించి సంచి విప్పించే అవకాశం ఉంది, చెక్-ఇన్ సామానులో పెడితే ఆ గొడవ తప్పుతుంది. గింజల వల్ల ఇంకో లాభం ఉంది. అమెరికా వెళ్లే విమానాల్లో చేతి సంచిలోని పొడులు 350 మిల్లీలీటర్లు దాటితే విడిగా సోదా చేసే నిబంధన 2018 నుంచి ఉంది. రెండు పొట్లాల కాఫీ పొడి ఆ లెక్కలోకి వస్తుంది, వేయించిన గింజలు రావు. ఏది తీసుకెళ్లినా అక్కడి కస్టమ్స్‌ వాళ్లకు తినే పదార్థమని చెప్పడం మరవకూడదు.

డాలస్‌లో దిగాక మొదటి రోజు డికాక్షన్ తేడాగా దిగితే నీళ్లను, పాలను అనుమానించేముందు మరను చూడాలి. సామాను బెల్టు మీద దొర్లినప్పుడు సైజు చక్రం జరిగి ఉండవచ్చు. గింజలు లేకుండా చక్రాన్ని నెమ్మదిగా బిగిస్తూ పిడి తిప్పితే, బర్‌లు ఒకదాన్నొకటి అప్పుడే తాకుతున్న చోట సన్నని గీకుడు చప్పుడు వస్తుంది. దాన్ని సున్నా అనుకుని, ఇంట్లో రాసిపెట్టుకున్నన్ని క్లిక్కులు వెనక్కి తిప్పాలి. బిగిసిపోయిన చోట బలవంతంగా తిప్పితే పళ్ల అంచులు విరుగుతాయి. కడగడం పనికిరాదు, స్టీలు బర్‌కు తడి తుప్పు తెస్తుంది. చిన్న కుంచెతో దులిపితే చాలు. ఇంట్లో ఎవరికైనా మిరియాలు కూడా ఇందులోనే పట్టేస్తే పోదా అన్న ఆలోచన వస్తే మాత్రం మరను చేతికందకుండా దాచెయ్యాలి. ఆ ఘాటు నూనె పళ్ల గాళ్లలో చేరాక ఏ కుంచెకూ లొంగదు.